ఊడింది, వదులైంది, పెళ్ళగిల్లింది: ఏది ఎప్పుడు?

సందేహం: ఇంటి పనులు సొంతంగా చేసుకునేవారి కోసం తెలుగులో సూచనలు రాస్తున్నాను. కర్టెన్ రాడ్డు బ్రాకెట్టు గోడలోంచి ‘ఊడింది’ అని రాస్తే, ‘పెళ్ళగిల్లింది’ అనాలని ఒకరు, ‘వదులైంది’ అంటే చాలునని మరొకరు దిద్దారు. ఏది సరైనది? పెద్దదైపోయిన బెజ్జాన్ని ‘నింపాలి’ అనాలా, ‘పూడ్చాలి’ అనాలా?

సమాధానం: మూడు క్రియలూ మంచి తెలుగే. కానీ మూడూ ఒకే సంగతిని చెప్పవు. మీరు రాస్తున్నవి మరమ్మతు సూచనలు కాబట్టి ఈ తేడాను తప్పక పాటించాలి. గోడలో జరిగినదాన్ని బట్టి చేయవలసిన పని మారుతుంది, ఆ జరిగినదేమిటో పాఠకుడికి చెప్పేది మీ క్రియే.

వస్తువు తన చోటనే ఉండి పట్టు మాత్రం తగ్గినప్పుడు ‘వదులైంది’ అంటాము. బ్రాకెట్టును వేళ్ళతో కదిపి చూసినప్పుడు స్క్రూ ఆడుతూ, దాని చుట్టూ ఉన్న ప్లగ్గు అంచు మాత్రం గోడలో కదలకుండా ఉంటే, అక్కడ వాడవలసిన మాట ఇదే. ఇందుకు సాధారణమైన కారణం స్క్రూ సన్నగా ఉండడం. ప్లాస్టిక్ ప్లగ్గు తనంతట తాను గోడను పట్టుకోదు. స్క్రూ లోపలికి దిగుతూ దాన్ని చీల్చి, పక్కలకు విప్పి, బెజ్జం గోడలకు గట్టిగా అదిమితేనే పట్టు పుడుతుంది. 6 మిల్లీమీటర్ల ప్లగ్గుకు సాధారణంగా 4 నుంచి 5 మిల్లీమీటర్ల లావు స్క్రూ కావాలి. అందులో 3 మిల్లీమీటర్ల స్క్రూ వేస్తే ప్లగ్గు సరిగా విచ్చుకోదు. ఈ స్థితిలో బెజ్జాన్ని ముట్టుకోనక్కరలేదు, తగిన లావు, తగిన పొడవు ఉన్న స్క్రూ వేస్తే సరిపోతుంది.

బిగించినది బిగించినట్టే బయటికి వచ్చి, అది కూర్చున్న చోటు చెడకుండా మిగిలితే ‘ఊడింది’. మేకు ఊడింది, పిడి ఊడింది అన్న వాడుకల్లో ఉన్నది ఈ అర్థమే. స్క్రూ తన ఒంటికి ప్లగ్గును తొడుక్కుని అలాగే జారి వచ్చి, గోడలో గుండ్రని బెజ్జం చెక్కుచెదరకుండా ఉంటే ఇదే మాట రాయండి. ప్లగ్గు కన్నా బెజ్జం లావుగా ఉందనో, డ్రిల్లు చేసిన పొడిని దులపకుండానే ప్లగ్గును దింపారనో దీని అర్థం. పొడి మిగిలిన బెజ్జంలో ప్లగ్గు గోడను పట్టుకోదు, ఆ పొడి మీద జారుతుంది.

‘పెళ్ళగిల్లింది’ అన్నది వీటికన్నా బరువైన మాట. వేళ్ళతో సహా లేచిన మొక్క తన మట్టిని వెంట తెచ్చుకున్నట్టు, బిగించిన వస్తువు తాను పాతుకున్న పదార్థాన్ని కూడా పెకలించుకుని వచ్చినప్పుడే ఇది తగుతుంది. బ్రాకెట్టుతో పాటు ప్లాస్టరింగు పెచ్చులు రాలి, గోడలో గరాటు ఆకారంలో గొయ్యి పడితే అది పెళ్ళగిల్లడం. ప్లగ్గు ఇటుకలోకో కాంక్రీటులోకో చేరకుండా పైపూతలోనే ఉండిపోయిందని ఆ గొయ్యి చెబుతుంది. ఇక్కడ స్క్రూ మార్చినా, అంతే పొడవున్న కొత్త ప్లగ్గు వేసినా ప్రయోజనం ఉండదు.

బరువు మరీ ఎక్కువ కాకపోయినా బ్రాకెట్లు గోడలోంచి ఎందుకు వస్తాయో కూడా మీ సూచనల్లో ఒక మాట ఉండాలి. పరదాలు, రాడ్డు కలిసి 6 కిలోలు ఉన్నాయనుకుందాం. రెండు బ్రాకెట్లున్నాయి కనుక ఒక్కొక్కదాని మీద 3 కిలోలు పడతాయి. రాడ్డు గోడకు 9 సెంటీమీటర్ల దూరంలో వేలాడుతూ, బ్రాకెట్టు పలక కింది అంచు నుంచి పై స్క్రూ వరకు 4.5 సెంటీమీటర్లు ఉంటే, పై స్క్రూను గోడలోంచి బయటికి లాగే బలం 3 × 9 ÷ 4.5, అంటే 6 కిలోలకు సమానం. ఎవరైనా పరదాను పట్టుకుని కిందికి గుంజితే, ఆ బ్రాకెట్టు మీద మరో 10 కిలోలు పడ్డాయనుకున్నా, లెక్క 26 కిలోలకు చేరుతుంది. స్క్రూను కిందికి వంచే బరువును గోడ తేలికగా ఓర్చుకుంటుంది, బయటికి లాగే బలాన్ని ప్లగ్గు ఒక్కటే ఓర్చుకోవాలి. అందుకే ఎప్పుడూ ముందుగా వచ్చేది పై స్క్రూయే. పొడవైన రాడ్డుకు నడుమ మూడో బ్రాకెట్టు పెట్టమనడంలోని అవసరం కూడా ఇదే.

ఇప్పుడు ఒక సందర్భాన్ని తీసుకుని, ఏ మాట ఎక్కడ నిలుస్తుందో చూద్దాం. కుడివైపు బ్రాకెట్టు గోడలోంచి వచ్చింది. చేతిలో ఉన్నది 30 మిల్లీమీటర్ల పొడవున్న 6 మిల్లీమీటర్ల ప్లగ్గు. బెజ్జం మూతి 12 మిల్లీమీటర్ల వరకు విరిగి ఉంది. సన్నని మేకును లోపలికి పోనిచ్చి గీరితే 20 మిల్లీమీటర్ల లోతు దాకా పొడిపొడిగా రాలుతోంది, ఆ తరువాత గట్టిగా తగిలి ఎర్రని పొడి వస్తోంది. పైపూత మందం 20 మిల్లీమీటర్లని, దాని వెనుక ఇటుక ఉందని దీనివల్ల తెలిసింది. ప్లగ్గులో మూడింట రెండు వంతులు పూతలోనే ఉండిపోయిందన్నమాట. ఇక్కడ ‘పూత పెళ్ళగిల్లింది, ఇటుకలోని బెజ్జం బాగానే ఉంది’ అని రాయాలి. మరమ్మతు ఆ వాక్యంలోనే ఉంది.

పూత వెనుకనున్న ఇటుక గట్టిగా ఉంది కనుక బెజ్జాన్ని ఒక మెట్టు పెంచవచ్చు. 8 మిల్లీమీటర్ల బిట్టుతో, చెయ్యి అదరకుండా గోడకు నిటారుగా పట్టుకుని, 75 మిల్లీమీటర్ల లోతుకు దించాలి. లోతు తెలియడానికి బిట్టు మీద టేపు ముక్క చుట్టుకుంటే చాలు. పొడిని ఊది, సన్నని బ్రష్షుతో దులిపి, మళ్ళీ ఊదాలి. 40 మిల్లీమీటర్ల పొడవున్న 8 మిల్లీమీటర్ల ప్లగ్గును గోడ ఉపరితలం దగ్గరే ఆపకుండా, 20 మిల్లీమీటర్ల పూతను దాటించి, పూర్తిగా ఇటుకలో కూర్చునేలా లోపలికి నెట్టాలి. చాలామంది దాటవేసే అడుగు ఇదే. స్క్రూ పొడవు లెక్క: బ్రాకెట్టు పలక మందం 3, పూత 20, ప్లగ్గు 40, దాని కొన దాటి బయటికి రావడానికి స్క్రూ లావంత మరో 5, మొత్తం 68. కనుక 5 మిల్లీమీటర్ల లావు, 70 మిల్లీమీటర్ల పొడవున్న స్క్రూ తీసుకోవాలి. అంత లావు స్క్రూ బ్రాకెట్టు రంధ్రంలో పడుతుందో లేదో ముందే చూసుకోవాలి. బిగిస్తున్నప్పుడు చేతికి బరువు క్రమంగా పెరగాలి. ఒక స్థాయి దగ్గర అది పెరగడం మాని స్క్రూ తేలికగా తిరిగిపోతూ ఉంటే ప్లగ్గు కూడా దానితో తిరుగుతోందని గ్రహించి అక్కడితో ఆపాలి. ఇంకా తిప్పితే బాగున్న బెజ్జం కూడా చెడుతుంది.

ఇక మీ రెండో ప్రశ్న. ‘నింపడం’ అంటే ఖాళీ లేకుండా చేయడం, ‘పూడ్చడం’ అంటే గోతిని చుట్టుపక్కల నేలతో సమం చేయడం. పై సందర్భంలో విరిగిన మూతిని సిమెంటుతో సరిచేసేది బ్రాకెట్టు పలక గోడకు సమంగా ఆనడానికే గాని బరువు మోయడానికి కాదు, అందువల్ల అక్కడ ‘పూడ్చాలి’ సరైన మాట. పుట్టీ కూడా అటువంటి పనికే తగినది. పెద్ద బెజ్జాన్ని పుట్టీతో నింపి అందులోనే మళ్ళీ స్క్రూ బిగించమని రాస్తే, అది కొద్ది రోజుల్లోనే పొడిగా రాలి బ్రాకెట్టు మళ్ళీ వస్తుంది. అగ్గిపుల్లలు దూర్చమనే సలహా కూడా రాయవద్దని నా మనవి. పుల్ల ఒక పక్కనే ఒత్తుతుంది, గుంజినప్పుడల్లా నలిగి సందు పెరుగుతుంది.

ఇటుకలోని బెజ్జమే పెద్దదై, అందులోనే తిరిగి పట్టు పుట్టించవలసి వస్తే మాత్రం ‘నింపాలి’, ‘పూడ్చాలి’ రెండూ చాలవు. అక్కడ ‘దట్టించాలి’ అనండి. తుపాకీలో మందును కూరడానికి వాడిన ఈ క్రియలో లోపలికంటా నొక్కి, గాలి సందు మిగలకుండా చేయడమనే అర్థం ఉంది. ఆ పని చేసే తీరు ఇది. వదులుగా ఉన్నదంతా గీకి తీసివేసి, వీలైతే గొయ్యి మూతికన్నా లోపల కొంచెం వెడల్పుగా ఉండేలా చేయాలి. అప్పుడు గట్టిపడిన ముద్ద మూతిలోంచి జారి రాదు. పొడి దులిపి, లోపలంతా తడిపి, ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్ళు ఇసుక కలిపిన గట్టి ముద్దను కొంచెం కొంచెంగా పుల్లతో దట్టించాలి. కనీసం వారం రోజులు, తొలి రోజుల్లో తడి ఆరకుండా చూసుకుంటూ, దాన్ని కదపకూడదు. ఆ తరువాత డ్రిల్లులో, బిట్టు తిరుగుతూనే సుత్తిలా పొడిచే సుత్తిపోటును ఆపుచేసి, ముందు సన్నని బిట్టుతో, తరువాత కావలసిన బిట్టుతో తొలచాలి. సుత్తిపోటుతో తొలిస్తే కొత్త ముద్ద పగిలిపోతుంది. అంతకాలం ఆగలేనివారు రెండు భాగాలు కలిపి వాడే ఎపాక్సీని దట్టించవచ్చు, కానీ దానికి తడి పనికిరాదు, గోడ పూర్తిగా ఆరి ఉండాలి. బ్రాకెట్టును నాలుగైదు సెంటీమీటర్లు పక్కకు జరిపే వీలుంటే, నా ఉద్దేశంలో వీటన్నిటికన్నా అదే మేలు. అప్పుడు పాత బెజ్జాన్ని నిజంగా పూడ్చితే సరిపోతుంది.

మీరు ‘గోడ’ అని రాసిన ప్రతిచోటా ఏ గోడో కూడా చెప్పండి. కిటికీ పైనుండే లింటెలు కాంక్రీటుది కనుక అక్కడ బూడిదరంగు పొడి వస్తుంది, సుత్తిపోటు లేకుండా బిట్టు దిగదు. నడుమ ఇనుప కడ్డీ తగిలితే ఆపి చోటు మార్చాలి. గాలి బుడగలతో నిండిన తేలిక దిమ్మెల గోడలో బిట్టు అతి సులువుగా దిగి తెల్లని మెత్తని పొడి వస్తుంది. అక్కడ సుత్తిపోటు బెజ్జాన్ని వెడల్పు చేస్తుంది, మామూలు ప్లగ్గు నిలవదు, వెడల్పు రెక్కలున్న ప్రత్యేకమైన ప్లగ్గు కావాలి. జిప్సం పలక వెనుక బోలుగా ఉంటుంది కాబట్టి అక్కడ ప్లగ్గు విచ్చుకుని అదమడానికి చోటే లేదు, పలక వెనుక తెరుచుకుని దాన్ని వెనకనుంచి పట్టుకునే రెక్కల బోల్టు వాడాలి. ఆ పలకలోంచి బ్రాకెట్టు వచ్చేసినప్పుడు మాత్రం మీ మూడు మాటల్లో ఏదీ అతకదు. బోలుగా ఉన్న పలకలోంచి వచ్చిన ప్లగ్గు దాన్ని చీల్చుకుని వస్తుంది కనుక, అక్కడ ‘పలక చిరిగింది’ అని రాయండి, చిరిగిన చోటికి పక్కన, పలక గట్టిగా ఉన్నచోట కొత్త బెజ్జం వేయమని చెప్పండి.