పంపామన్నారు సరే, ఏ ఖాతాకు పంపారు?

హాంబర్గ్‌లో చదువుకుంటున్న ఒక తమ్ముడి ప్రశ్న ఇది. "అన్నా, మాది చిత్తూరు. నాన్న తోతాపురి గుజ్జు ఎగుమతి చేస్తాడు. ఇక్కడి కొనుగోలుదారు రెండు ఇన్వాయిస్‌ల డబ్బు పంపేశామని చెప్పి ఒక పీడీఎఫ్ కూడా పెట్టాడు. పది రోజులైంది, చిత్తూరు బ్రాంచిలో ఏమీ పడలేదంటున్నారు. నువ్వు అక్కడే ఉన్నావు కదా, కనుక్కో అంటున్నాడు నాన్న. వాళ్లను ఏమని అడగాలి?"

"డబ్బు పంపారా?" అని మాత్రం అడగొద్దు తమ్ముడూ. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో తిరుపతిలో ఉన్న మా మామయ్య కోసం అలాగే అడిగాను. "అవును, పంపాం" అని ఒక్క ముక్క జవాబు వచ్చింది. ఆ మాట నమ్మి మామయ్య రైతులకు చెక్కులు రాసిచ్చేశాడు. తీరా చూస్తే వాళ్ల అకౌంట్స్‌వాళ్లు లెక్కల్లో ఎంట్రీ వేశారు, అంతే. బ్యాంకులో రెండో ఆమోదం ఇవ్వాల్సిన మనిషి సెలవులో ఉన్నాడు. చెక్కులు బౌన్సయ్యాయి. ఆ ఏడాది పండక్కి నేను ఊరికి వెళ్తే మామయ్య నాతో సరిగా మాట్లాడలేదు.

మీకొచ్చిన పీడీఎఫ్ రెమిటెన్స్ అడ్వైస్ అయ్యుంటుంది. అది కొనుగోలుదారు సాఫ్ట్‌వేర్ తయారుచేసే కాగితం. ఏ ఇన్వాయిస్‌కు ఎంత కడుతున్నారో చెబుతుంది గానీ, బ్యాంకు దాటి డబ్బు బయల్దేరిందని చెప్పదు. బయల్దేరినట్టు రుజువు కావాలంటే వాళ్ల బ్యాంకు ఇచ్చే స్విఫ్ట్ కాపీ అడగాలి. దాన్ని అందరూ ఎంటీ103 అనే అంటారు. 2025 నవంబరు నుంచి బ్యాంకుల మధ్య సందేశం రూపం మారింది కాబట్టి కాగితం మీద pacs.008 అని కనిపించినా కంగారుపడొద్దు. అందులో UETR అని, గీతలతో కలిపి 36 అక్షరాల నంబరు ఉంటుంది. ముఖ్యంగా కావాల్సింది అదే. కొరియర్‌కు ట్రాకింగ్ నంబరు ఎలాగో డబ్బుకు ఇది అలాగ.

ఇక ఖాతా వివరాలు. మన వివరాలు మళ్లీ పంపి "ఇవి సరైనవేనా?" అంటే చూడకుండానే సరేనంటారు. అందుకని "మీరు ఎంటర్ చేసిన పేరు, ఖాతా చివరి నాలుగు అంకెలు, స్విఫ్ట్ కోడ్ చెప్పండి" అని అడుగు. యూరప్ ఖాతాలకు ఐబాన్ అనే పొడవాటి నంబరు ఉంటుంది, మన దేశంలో అది లేదు. ఐబాన్ అడిగే యూరప్ ఫారంలో మన ఖాతా నంబరు పట్టదు, విదేశీ చెల్లింపుల ఫారం తీయాలి. అకౌంట్స్‌లో కొత్తగా చేరినవాళ్లు తడబడేది అక్కడే. వాళ్లు చెప్పిన అంకెలు మీవి కాకపోతే, పైగా "పోయిన నెల మీరే కొత్త ఖాతా పంపారు కదా" అంటే, మీ మెయిల్లోనో వాళ్ల మెయిల్లోనో దొంగ దూరాడన్నమాట. అప్పుడు మెయిల్లో వాదనలు పెట్టుకోకుండా, పాత ఇన్వాయిస్ మీదున్న నంబరుకు ఫోన్ చెయ్యి. డబ్బు వెనక్కి రప్పించమని వాళ్ల బ్యాంకును వెంటనే అడగమను.

అంకెలు సరిపోయాయనుకుందాం. రెండు ఇన్వాయిస్‌లు 22,500, 19,800 డాలర్లు, కలిపి 42,300. రేపు ఖాతాలో 41,925 పడితే నాన్నగారి గుమస్తా తల పట్టుకుంటాడు. 375 ఏమైంది? రెమిటెన్స్ అడ్వైస్ పనికొచ్చేది ఇక్కడే. అందులో రెండో ఇన్వాయిస్ కింద సొట్టపడిన డ్రమ్ములకని 350 కోసినట్టు ఉంటే, మిగతా 25 దారిలో డాలర్లు చేతులు మారే న్యూయార్క్ బ్యాంకు పట్టుకున్న చార్జీ అని తేలుతుంది. రెండూ ఒకటి కాదు. సరుకు పంపేటప్పుడు కస్టమ్స్‌లో ఇచ్చిన షిప్పింగ్ బిల్లును బ్యాంకులో క్లోజ్ చేసేటప్పుడు 350కి కొనుగోలుదారు ఇచ్చిన కారణం కావాలి, 25కి స్విఫ్ట్ కాపీ చాలు. అందుకే మెయిల్లో "ఇన్వాయిస్ వారీగా ఎంత కట్టారు, ఏం కోశారు, ఎందుకు" అని విడిగా రాయి.

UETR రాగానే నాన్నగారికి పంపు. విదేశీ డబ్బు చాలాసార్లు ముందు బ్యాంకువాళ్ల ఫారెక్స్ విభాగానికి వస్తుంది, చిత్తూరు బ్రాంచి కంప్యూటర్లో అప్పటికేమీ కనపడదు. పేరులో "ఫుడ్స్" అన్న మాట తగ్గినా, ఏ ఎగుమతికి వచ్చిందో కాగితం అందకపోయినా అక్కడే ఆగుతుంది. "మా డబ్బు వచ్చిందా" అని కాకుండా "ఈ నంబరు మీ దగ్గర ఏ దశలో ఉంది" అని బ్రాంచిలో అడిగిస్తే, వాళ్లూ పైకి అదే నంబరుతో మెయిల్ పెడతారు.

ఆ 25 డాలర్ల సంగతి నాన్నగారు ఎలాగూ వదలరు, మన జిల్లావాళ్ల సంగతి నాకు తెలుసు. వచ్చే ఇన్వాయిస్ మీద చార్జీలు OUR అని, అంటే మొత్తం పంపేవాళ్లవే అని, రాయించండి. ఇప్పుడు SHA అని, అంటే చార్జీలు ఇద్దరూ పంచుకునేలా, వెళ్లుంటుంది. OUR పెట్టినా డాలర్లలో ఒక్కోసారి దారిలో కోత పడుతుంది. అప్పుడా తేడా కొనుగోలుదారునే అడగొచ్చు.