భరణం: నెలనెలానా, ఒకేసారా?

“భర్తకు వ్యాపారం. పన్ను రిటర్నులో నెలకు 25 వేలే చూపారు. నెలవారీ భరణం అడగాలా, ఏకమొత్తమా?”

ముందు తేలాల్సింది ఆయన అసలు ఆదాయం.

1. 2020 నాటి రజనేశ్–నేహా కేసులో సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలి. మీ సంపాదన కూడా దాచకండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: ఆయన బ్యాంకుకిచ్చిన రుణ దరఖాస్తు. పన్నుకు 25 వేలు చెప్పినవారే అప్పు కోసం లక్ష అని రాస్తారు! 32 వేల వాయిదా కడుతుంటే రిటర్ను అంకె నిలవదు. ఆ పత్రాలు తెప్పించమని కోర్టులో దరఖాస్తు వేయించండి.

3. కోర్టు ఇద్దరి ఆదాయం, ఆస్తి, ప్రవర్తన, పరిస్థితులు చూస్తుంది. హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ కింద నెలవారీ భరణాన్ని పరిస్థితులు మారితే మార్చవచ్చు. పునర్వివాహంతో రద్దూ కావచ్చు. ఆదాయం దాచే మనిషైతే, చూపగల ఆస్తి ఉంటే, నేనైతే ఏకమొత్తమే అడుగుతాను.