బోర్డు ఫైల్ ఇంపోర్ట్ చేసినా డబ్బా రంధ్రాలు కలవకపోతే

ప్రశ్న: సార్, నేను గుంటూరులో మెకానికల్ థర్డ్ ఇయర్ చదువుతున్నాను. మిర్చి కోల్డ్ స్టోరేజీలో టెంపరేచర్ చూపించే పరికరం మా ప్రాజెక్ట్. బోర్డు ఈసీఈ ఫ్రెండ్ చేసింది, డబ్బా నాది. తను పంపిన డీఎక్స్ఎఫ్ డ్రాయింగ్ ఫైల్ తెరిస్తే బోర్డు బాగా చిన్నగా వస్తోంది, స్క్రూ రంధ్రాలు వెర్నియర్‌తో కొలిచి పెట్టినా కలవట్లేదు, యూఎస్‌బీ కేబుల్ పూర్తిగా దూరట్లేదు. ఎలక్ట్రానిక్స్ ప్రొడక్ట్ డిజైన్ ఉద్యోగం నా కోరిక. నాన్న ఆరు నెలల క్యాడ్ కోర్సులో చేరమంటున్నారు. చేరాలా?

జవాబు: ఇప్పుడే చేరొద్దమ్మా. ముందు ఈ డబ్బా సరిగ్గా పూర్తి చెయ్యి. నువ్వు చెప్పిన మూడు ఇబ్బందులకీ కారణాలు వేరు, వాటిలో ఏదీ క్యాడ్ కమాండ్లు రాకపోవడం వల్ల వచ్చింది కాదు.

నువ్వు జత చేసిన ఫైల్ తెరిచి చూశాను. బోర్డు అసలు సైజు 80 బై 60 మిల్లీమీటర్లు, నీ స్క్రీన్ మీద మాత్రం 3.15 బై 2.36 అని వస్తోంది. 80ని 25.4తో భాగించి చూడు, అదే వస్తుంది. అంటే మీ ఫ్రెండ్ బోర్డు డిజైన్ సాఫ్ట్‌వేర్ కీక్యాడ్‌లో ప్లాట్ చేసేటప్పుడు యూనిట్లు ఇంచుల్లో ఉండిపోయాయి, నీ సాఫ్ట్‌వేర్ ఆ అంకెల్ని మిల్లీమీటర్లుగా చదివింది. చేత్తో లాగి సుమారుగా పెద్దది చేయకు, సరిగ్గా 25.4 రెట్లు పెంచు, లేదా తనని మిల్లీమీటర్లలో మళ్లీ పంపమను. ఏ ఫైల్ ఇంపోర్ట్ చేసినా మొదటి పని, నీకు ముందే తెలిసిన ఒక కొలతని స్క్రీన్ మీద కొలిచి చూసుకోవడం.

ఇక రంధ్రాలు. తను పంపింది Edge.Cuts లేయర్ ఒక్కటే, అందులో బోర్డు అంచు గీత తప్ప ఇంకేం ఉండదు. కీక్యాడ్‌లో స్క్రూ రంధ్రాలు మామూలుగా విడి ఫుట్‌ప్రింట్లుగా, అంటే ఒక్కో భాగం బోర్డు మీద కూర్చునే చోటు గుర్తులుగా పెడతారు కాబట్టి ఆ లేయర్‌లోకి రావు. ఫైల్‌లో రంధ్రాలు లేకపోయేసరికి నువ్వు వెర్నియర్ పట్టుకుని అంచు నుంచి కొలిచావు, తేడా అక్కడే వచ్చింది. బోర్డు అంచుని కోసే పని వేరు, రంధ్రాలు డ్రిల్ చేసే పని వేరు. అంచు కోతలో 0.2 మిల్లీమీటర్లు అటూ ఇటూ పోవడం మామూలే, ప్యానెల్‌లోంచి విరిచిన బోర్డు అయితే అంచు గరుకు ఇంకా కలుస్తుంది. నీ రంధ్రం 3.2, లోపలికి వెళ్లే ఎం3 స్క్రూ 3, అంటే నీకున్న సందు ఒక్కో పక్క 0.1 మాత్రమే. అందుకే మూడు స్క్రూలు హాయిగా దిగుతాయి, నాలుగోది మాత్రం పక్కకి వాలి బిగుసుకుంటుంది. నీ డబ్బాకి జరుగుతున్నదీ ఇదే అనుకుంటున్నాను, ఒకసారి చూసి చెప్పు.

కాబట్టి కొలతలన్నీ అంచు నుంచి కాకుండా ఒక రంధ్రం సెంటర్ నుంచి మొదలవ్వాలి. మీ ఫ్రెండ్‌తో పక్కన కూర్చుని చేయించు: Drill/Place File Origin టూల్ తీసుకుని ఎడమవైపు కింది రంధ్రం సెంటర్ మీద క్లిక్ చేయాలి, తర్వాత File మెనూలో Export కింద STEP అనే త్రీడీ ఫైల్ ఎంచుకుని, అక్కడ కూడా అదే ఆరిజిన్ టిక్ చేయాలి. ఇప్పుడు నీ క్యాడ్‌లో ఆ రంధ్రం సరిగ్గా 0,0 దగ్గర కూర్చుంటుంది. మీ బోర్డులో రంధ్రాలు అంచులకి 4 మిల్లీమీటర్ల లోపల ఉన్నాయి కాబట్టి మిగతావి (72, 0), (0, 52), (72, 52) దగ్గర రావాలి. ఇవి కలిస్తే స్కేలు, దిశ, ఆరిజిన్ మూడూ సరిగ్గా ఉన్నట్టే. (72, 0) రావాల్సింది (-72, 0) వచ్చిందంటే బోర్డు తిరగబడి ఉంది. అది చూసుకోకుండా డబ్బా ప్రింట్ చేస్తే కనెక్టర్ ఒక పక్క, దాని కన్నం ఇంకో పక్క ఉంటాయి.

స్టెప్ ఫైల్‌లో రంధ్రాలు నిజంగానే కోసి వస్తాయి. కనెక్టర్లు కూడా వస్తాయి కానీ ఫుట్‌ప్రింట్‌కి త్రీడీ మోడల్ తగిలించి ఉంటేనే, లేకపోతే అక్కడ బోర్డు బోసిగా కనిపిస్తుంది. మోడల్ వచ్చినా గుడ్డిగా నమ్మకు. ఎక్కడెక్కడి నుంచో దించుకున్న మోడల్ అయితే అర మిల్లీమీటరు పక్కకి జరిగి కూడా ఉండొచ్చు. సోల్డర్ చేసిన బోర్డు మీద రంధ్రం సెంటర్ నుంచి కనెక్టర్ సెంటర్‌కి ఒక్కసారి కొలువు, వెర్నియర్ పని ఇక్కడ.

యూఎస్‌బీ కన్నం దగ్గర చాలామంది సాకెట్ సైజు చూస్తారు. టైప్-సి సాకెట్ షెల్ సుమారు 9 బై 3.3, అంతే కన్నం కోస్తే సాకెట్ అందంగా కనిపిస్తుంది, కేబుల్ మాత్రం దిగదు. కేబుల్ చివర ప్లాస్టిక్ పట్టు టైప్-సి స్పెసిఫికేషన్ ప్రకారం 12.35 బై 6.5 దాకా ఉండొచ్చు, అది నీ గోడకి తగిలి ఆగిపోతోంది. గోడ మందం 2, సాకెట్ ముఖం గోడకి ఇంకో 1 లోపల ఉంది, మొత్తం 3 మిల్లీమీటర్లు పోయాయి. రెండు దారులున్నాయి: సాకెట్ ముఖం గోడ బయటి ముఖం దాకా వచ్చేలా బోర్డు మీద సాకెట్‌ని బయటికి జరపడం, లేదా బయటి నుంచి 13 బై 7 సైజులో కోసి ప్లాస్టిక్ పట్టుకి దారి ఇవ్వడం. నీ బోర్డు ఇప్పటికే తయారైపోయింది కాబట్టి రెండోదే చెయ్యి.

ఎత్తు లెక్క కూడా ఒకసారి వేద్దాం. డబ్బా అడుగు మందం 2, దాని మీద బోర్డుని నిలబెట్టే పిల్లర్లు 5, బోర్డు మందం 1.6, ఆ పైన సాకెట్ సగం ఎత్తు 1.63. మొత్తం 10.23, కన్నం సెంటర్ డబ్బా కింది ముఖం నుంచి ఇంత ఎత్తులో రావాలి. డీఎక్స్ఎఫ్ చదునైన గీత కాబట్టి అందులో ఆ 1.6 కనపడదు, మర్చిపోయేది కూడా దాన్నే. అయితే ఈ లెక్క బోర్డు పైన కూర్చునే సాకెట్‌కే. బోర్డులో గాడి కోసి దించే రకం ఉంటుంది, దానికి డేటాషీట్ చూసి ఎత్తు తగ్గించుకోవాలి.

డబ్బా ప్రింట్‌కి ఇచ్చే ముందు రంధ్రాల స్కెచ్‌ని కాగితం మీద 1:1లో తీయించు, పక్కన 50 మిల్లీమీటర్ల గీత ఒకటి గీసి పెట్టు. బ్రాడీపేటలో ఏ జిరాక్స్ షాపుకి వెళ్లినా Fit to page వద్దని, Actual size కావాలని చెప్పాలి, లేకపోతే కొద్దిగా కుదించి ఇచ్చేస్తారు. గీత 50 రాకపోతే ఆ కాగితం పనికిరాదు. వస్తే బోర్డుని దాని మీద పెట్టి వెలుతురుకి ఎత్తి నాలుగు రంధ్రాల్లోంచి చూడు.

ఉద్యోగం సంగతికొస్తే, హైదరాబాద్, బెంగళూరు కంపెనీల్లో ఈ పనికి ఇంటర్వ్యూ చేసేవాళ్లు నీకు ఎన్ని సాఫ్ట్‌వేర్లు వచ్చో ఎక్కువసేపు అడగరు. కొలతలు ఎక్కడి నుంచి తీసుకున్నావు, బోర్డు కొత్త వెర్షన్‌లో కనెక్టర్ 3 మిల్లీమీటర్లు జరిగితే నీ డబ్బాలో ఏం మార్చాలి అని అడుగుతారు. దానికోసం 72, 52, కనెక్టర్ దూరం, బోర్డు మందం లాంటివన్నీ క్యాడ్‌లో పేరు పెట్టిన పారామీటర్లుగా ఉంచు, స్కెచ్‌లో అంకెలు నేరుగా కొట్టకు. మీ ఫ్రెండ్‌తో కనెక్టర్‌ని కావాలనే జరిపించి కొత్త స్టెప్ తెప్పించుకో, ఒక్క అంకె మారిస్తే కన్నం దానంతట అదే జరుగుతుందో లేదో చూడు. ఆ రెండు వెర్షన్ల ఫైళ్లు, కాగితం మీద బోర్డు పెట్టి తీసిన ఫోటో, కేబుల్ పూర్తిగా దిగిన ఫోటో ఒక ఫోల్డర్‌లో పెట్టి నాన్నకి చూపించు. షీట్ మెటల్ డబ్బాలు కూడా చేయాలనిపిస్తే అప్పుడు ఆ ఒక్క విషయానికి చిన్న కోర్సు చూద్దాం, ఫీజు కూడా తక్కువలో పోతుంది.