హవల్దారు గారి మొదటి ఇంటర్వ్యూ: గేటు దగ్గర సంచి దొరికితే ఏం చెప్పాలి?

ప్రశ్న: మాది రణస్థలం దగ్గర పల్లె. నేను డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. మా నాన్నగారు 24 ఏళ్లు సైన్యంలో పనిచేసి హవల్దారుగా రిటైరయ్యారు. పైడిభీమవరంలో ఒక మందుల కర్మాగారం సెక్యూరిటీ సూపర్‌వైజర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకు పిలిచింది. ఆయన ఇంతవరకూ ఏ కంపెనీ ఇంటర్వ్యూకూ వెళ్లలేదు. ఏం అడుగుతారు? ఆయన ఏం చెప్పాలి?

జవాబు: అమ్మా, మీ నాన్నగారి ధైర్యం గురించీ క్రమశిక్షణ గురించీ ఆ కంపెనీవారికి సందేహం ఉండదు. యూనిఫాం వల్ల వచ్చే అధికారం లేని చోట ఆయన ఎలా ప్రవర్తిస్తారన్నదే వారు తెలుసుకోవాలనుకుంటారు. అందుకే ఇలాంటి ఇంటర్వ్యూల్లో ఏదో ఒక రూపంలో వచ్చే ప్రశ్న ఒకటుంది: "షిఫ్టు వదిలే వేళ ఒక కాంట్రాక్టు కూలీ సంచిలో రాగి తీగ ముక్కలు కనిపించాయి. మీరు ఏం చేస్తారు?"

"గార్డు రూములో కూర్చోబెట్టి నిజం చెప్పిస్తాను" అని ఆయన అంటే ఇంటర్వ్యూ దాదాపు అక్కడితో ముగిసినట్లే. సెక్యూరిటీ సూపర్‌వైజర్‌కు పోలీసు అధికారాలు ఉండవు. ఒక మనిషిని గదిలో బంధించినా, చెయ్యి చేసుకున్నా కేసు ఆయన మీదికీ కంపెనీ మీదికీ వస్తుంది. పైగా చుట్టుపక్కల ఊళ్ల కూలీలు పనిచేసే చోట ఒక్క దెబ్బ చాలు, మర్నాడు గేటు ముందు అందరూ కూర్చోవడానికి.

మీరే ఆ ప్రశ్న అడిగి, ఆయన చేత ఈ వరుసలో చెప్పించండి. వెనక ఉన్నవారు ఆగిపోకుండా ఆ కూలీని వరుసలోనుంచి పక్కకు, కెమెరాకు కనిపించే చోటికి తీసుకువెళ్లాలి. మరో ఇద్దరి ఎదుట, సంచిని అతని చేతనే తెరిపించాలి. స్త్రీ అయితే తనిఖీ మహిళా గార్డే చేయాలి. దొరికిన వస్తువును తూచి, ఫొటో తీసి, సమయంతో సహా రిజిస్టరులో రాసి, సాక్షుల సంతకాలు తీసుకోవాలి. వెంటనే షిఫ్టు ఇన్‌చార్జికీ హెచ్‌ఆర్ అధికారికీ తెలియజేయాలి. పోలీసులకు అప్పగించాలా వద్దా అన్నది యాజమాన్యం నిర్ణయిస్తుంది. తన కళ్లెదుట బెయిలు హక్కుగా దొరకని, పోలీసులు వారంటు లేకుండా పట్టుకోగల నేరం జరిగితే సామాన్యుడు కూడా ఆ మనిషిని పట్టుకోవచ్చుననీ, అయితే అనవసర జాప్యం లేకుండా, గరిష్ఠంగా 6 గంటల లోపు పోలీసులకు అప్పగించాలనీ భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ చెబుతుంది. ఈ హద్దు తెలిసిన అభ్యర్థి మీద వారికి నమ్మకం కుదురుతుంది.

దీని వెంటే "అతను మీ ఊరివాడే అయితే?" అని అడగవచ్చు. మీ ఊరు దగ్గరే కనుక ఇది ఊహాప్రశ్న కాదు. "నేను ఎవరినీ చూడను, రూలు రూలే" అనడం వినడానికి బాగుంటుంది గానీ వారికి అది చాలదు. ఆ మనిషి తనకు తెలిసినవాడన్న విషయం ముందే పైవారికి చెప్పి, తనిఖీ మరో గార్డు చేత చేయించి, ఆ మాట కూడా రిజిస్టరులో రాస్తానని చెప్పడమే సరైన జవాబు. రేపు ఎవరూ పక్షపాతమని గానీ, పాత పగ తీర్చుకున్నారని గానీ అనలేరు.

రెజ్యూమె ఒక పేజీ చాలు. పోస్టింగులన్నీ వరుసగా రాస్తే చదివే హెచ్‌ఆర్ అధికారికి ఏమీ అర్థం కాదు. యూనిట్ ఆయుధాలకు కాపలా కాసే క్వార్టర్ గార్డుకు కమాండర్‌గా ఉండి ఉంటే, ఎంతమంది జవాన్లకు డ్యూటీలు వేశారో, ఆయుధాలు, తాళాల లెక్క ఎలా అప్పగించి తీసుకునేవారో రాయండి. గేటు పని కూడా అదే: ఎవరు లోపల ఉన్నారు, ఏ సరుకు ఏ గేట్ పాస్ మీద బయటికి వెళ్లింది, షిఫ్టు మారేటప్పుడు ఏ తాళం ఎవరి చేతికి వచ్చింది. డిశ్చార్జి బుక్కు, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఇచ్చిన మాజీ సైనికుల గుర్తింపు కార్డు నకళ్లు వెంట ఉంచుకోవాలి.

జీతం దగ్గర చాలామంది మాజీ సైనికులు మొహమాటపడి నష్టపోతారు. "మీకు పెన్షన్ వస్తుంది కదా" అని తక్కువ చెబితే, పెన్షన్ సైన్యంలో చేసిన సేవకు వచ్చేదనీ, ఈ జీతం ఈ బాధ్యతకు ఇచ్చేదనీ మర్యాదగా, ఒక్క వాక్యంలో చెప్పాలి. అంతకంటే ముందు ఆయన అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: జీతం కంపెనీ ఇస్తుందా, సెక్యూరిటీ ఏజెన్సీ ఇస్తుందా? ఏజెన్సీ అయితే 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద దానికి లైసెన్సు ఉండాలి. నియామక పత్రంలో షిఫ్టు ఎన్ని గంటలో, వారాంతపు సెలవు ఉందో లేదో, పీఎఫ్ ఎవరు కడతారో చూసుకున్నాకే సంతకం పెట్టమనండి.