పన్‌ముంజోమ్ బల్ల మీద రెండేళ్లు

ప్రశ్న: కాల్పుల విరమణ, యుద్ధవిరామ ఒప్పందం, లొంగుబాటు... ఇవన్నీ ఒకటేనా? సంతకాలు అయ్యాక కూడా కొన్ని ఎందుకు కూలిపోతాయి? కొరియా యుద్ధం ఇంకా ముగియలేదంటారు, అదెలా?

2016లో నేను ఉద్యోగం మీద దక్షిణ కొరియాలోని సువాన్‌లో ఉండేవాణ్ణి. పాస్‌పోర్ట్ వివరాలు ముందుగా పంపి ఒక శనివారం రెండు కొరియాల సరిహద్దు మీద ఉన్న పన్‌ముంజోమ్ టూర్‌కి వెళ్లాను. సరిహద్దు దగ్గర క్యాంపులో బస్సు ఆపి అందరి చేతా ఒక కాగితం మీద సంతకం పెట్టించారు. శత్రుత్వం ఉన్న ప్రాంతంలోకి వెళ్తున్నామని, శత్రువు చర్య వల్ల గాయపడొచ్చని, ప్రాణం కూడా పోవచ్చని తెలిసే వస్తున్నామని అందులో ఉంది. 1953లో ఆగిన యుద్ధం గురించి 2016లో సంతకం పెడుతుంటే నిజంగా టెన్షన్ వచ్చింది. మీ ప్రశ్నకు జవాబు ఆ కాగితంలోనే ఉంది, అందుకే కొరియా సంగతే చెప్తాను.

ముందు తేడాలు. కాల్పుల విరమణ అంటే ఇవాళ్టికి తుపాకులు ఆపడం. అది నోటిమాటతో కూడా జరగొచ్చు. యుద్ధవిరామ ఒప్పందం, అంటే ఆర్మిస్టిస్, సైన్యాధిపతులు రాసుకునే పత్రం. ఎవరు ఏ గీత వెనక్కి వెళ్లాలి, ఖైదీలను ఏం చేయాలి, ఉల్లంఘన జరిగితే ఎవరికి చెప్పాలి అన్నది అందులో ఉంటుంది. యుద్ధం దేని కోసం మొదలైందో ఆ గొడవ మాత్రం అందులో ఉండదు. దాన్ని ప్రభుత్వాలు శాంతి ఒప్పందంలో తేల్చుకోవాలి. లొంగుబాటు వేరు. 1971 డిసెంబర్ 16న ఢాకాలో పాకిస్తాన్ జనరల్ నియాజీ సంతకం పెట్టిన పత్రం చాలా చిన్నది, ఎందుకంటే అక్కడ బేరానికి ఏమీ మిగల్లేదు. తూర్పున ఉన్న పాకిస్తాన్ బలగాలన్నీ ఆయుధాలు దించి భారత జనరల్ అరోరా ఆదేశాల కిందికి వచ్చేశాయి. అయినా రెండు దేశాల మధ్య లెక్కలు తేలడానికి 1972 సిమ్లా ఒప్పందం కావాల్సి వచ్చింది, ఖైదీలు పూర్తిగా ఇళ్లకు చేరేసరికి 1974 అయింది.

కొరియాలో ఎవరూ లొంగలేదు, ఎవరూ గెలవలేదు. అందుకే బల్ల దగ్గరే రెండేళ్లు పట్టింది.

చర్చలు 1951 జూలై 10న కేసాంగ్‌లో మొదలయ్యాయి, అక్టోబర్ చివర్లో పన్‌ముంజోమ్‌కి మారాయి. ఒకవైపు అమెరికా నాయకత్వంలోని ఐక్యరాజ్యసమితి కమాండ్, మరోవైపు ఉత్తర కొరియా, చైనా. గీత ఎక్కడ గీయాలన్నది ఆ నవంబర్ నాటికే దాదాపు తేలింది: యుద్ధానికి ముందు సరిహద్దుగా ఉన్న 38వ అక్షాంశ రేఖ కాదు, సైన్యాలు ఎదురెదురుగా నిలబడి ఉన్న రేఖే సరిహద్దు. భూమి పంపకం అంత త్వరగా అయిపోతే మిగతా ఏడాదిన్నర దేనికి పోయింది? ఖైదీలకు.

1951 డిసెంబర్‌లో రెండు పక్షాలూ ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకున్నాయి. ఐరాస కమాండ్ దగ్గర సుమారు 1,32,000 మంది, అటువైపు జాబితాలో 11,559 మంది. పోరాటం ముగియగానే ఖైదీలను ఆలస్యం లేకుండా విడిచి స్వదేశానికి పంపాలని 1949 జెనీవా ఒప్పందంలోని 118వ అధికరణం చెబుతుంది. చైనా, ఉత్తర కొరియా అదే పట్టుకున్నాయి. కానీ ఐరాస శిబిరాల్లో ఉన్నవాళ్లలో చాలామంది వెనక్కి వెళ్లమన్నారు. వాళ్లలో ఉత్తర సైన్యం బలవంతంగా చేర్చుకున్న దక్షిణాది కుర్రాళ్లున్నారు, చైనాలో కమ్యూనిస్టులతో పోరాడి ఓడిన చాంగ్ కై షేక్ సైన్యంలో ఒకప్పుడు పనిచేసిన చైనీయులున్నారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సోవియట్‌కు బలవంతంగా పంపిన ఖైదీల గతి ఏమైందో గుర్తున్న అమెరికా, ఇష్టం లేనివాణ్ణి పంపం అంది.

1952 ఏప్రిల్‌లో ఒక్కొక్కరినీ అడిగి చూస్తే, తిరిగి వెళ్తామన్నవాళ్లు సుమారు 70,000 మందే తేలారు. చైనాకు అది తలకొట్టేసినట్టయింది. తమ సైనికులు తమ దేశానికి రామంటున్నారని ప్రపంచం ముందు ఒప్పుకోవాలి మరి. అయితే ఆ లెక్క కూడా పూర్తిగా స్వచ్ఛమైనది కాదు, ఇది దాచకుండా చెప్పాలి. శిబిరాల లోపల కమ్యూనిస్టు వర్గం, వ్యతిరేక వర్గం ఒకరినొకరు చంపుకున్నారు. వెనక్కి వెళ్లే దారి మూసుకుపోయేలా ఖైదీల ఒంటి మీద కమ్యూనిస్టు వ్యతిరేక నినాదాలు పచ్చబొట్లుగా పొడిచారు. అలాంటి చోట 'నీ ఇష్టమేంటి' అని అడిగితే వచ్చే జవాబును ఎంతవరకు నమ్మగలం? ఆ శిబిరాల్లో ఒకటి దక్షిణ కొరియాలోని కోజే దీవిలో ఉండేది, నేను తర్వాత అక్కడి మ్యూజియంకి వెళ్లాను. 1952 మేలో ఖైదీలు ఏకంగా శిబిరం కమాండర్ జనరల్ డాడ్‌నే బందీగా పట్టుకున్న చోటు అది.

ఆ అక్టోబర్‌లో చర్చలు ఆగిపోయాయి. ముందు వరసలో మాత్రం కొండ కోసం కొండ అన్నట్టు చావులు ఆగలేదు. అమెరికా సైన్యం నష్టాల్లో దాదాపు సగం చర్చలు మొదలయ్యాకే జరిగింది. బేరం నడుస్తున్నప్పుడు ప్రతి గుట్టా బల్ల మీద పెట్టే పేకముక్క అయిపోతుంది కాబట్టి, చర్చలు పోరును తగ్గించకపోగా ఒక్కోసారి పెంచుతాయి.

ముడి విప్పడంలో మన దేశం పాత్ర ఉంది. ఇష్టం లేని ఖైదీలను తటస్థ దేశాల కమిషన్‌కు అప్పగించే ప్రతిపాదనను కృష్ణ మీనన్ ఐరాసలో నడిపించారు, 1952 డిసెంబర్‌లో సాధారణ సభ ఒప్పుకుంది. చైనా, సోవియట్ మొదట తోసిపుచ్చాయి. 1953 మార్చిలో స్టాలిన్ చనిపోయాక గాలి మారింది. జూన్ 8న ఖైదీల మీద ఒప్పందం కుదిరింది, అదీ దాదాపు అదే పద్ధతిలో.

సరిగ్గా పది రోజులకు అంతా కూలినంత పనయింది. జూన్ 18న దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్మన్ రీ, ఎవరికీ చెప్పకుండా, కమ్యూనిస్టు వ్యతిరేకులైన సుమారు 27,000 మంది ఉత్తర కొరియా ఖైదీలను శిబిరాల గేట్లు తీయించి వదిలేశాడు. ఏ ఖైదీల మీద ఏడాదిన్నర బేరమాడారో వాళ్లలో చాలామంది మాయమయ్యారు. చర్చల్లో నిజంగా గొంతు లేనివాడు, ఆగితే తానే ఎక్కువ నష్టపోతానని నమ్మినవాడు అలాంటి పని చేస్తాడు. దేశం ఏకం కాకుండా యుద్ధం ఆగడమే రీకి ఓటమి. జూలైలో చైనా సైన్యం ఎక్కువగా దక్షిణ కొరియా డివిజన్ల మీదే పెద్ద దాడి చేసింది. అమెరికా రీని రక్షణ ఒప్పందం, ఆర్థిక సాయం ఇస్తామని ఒప్పించింది. ఆయన సంతకం పెట్టనన్నాడు, అడ్డుపడనని మాత్రం మాటిచ్చాడు. అందుకే ఆ పత్రం మీద దక్షిణ కొరియా సంతకం లేదు.

1953 జూలై 27 ఉదయం 10 గంటలకు ఐరాస కమాండ్ తరఫున జనరల్ హారిసన్, అటువైపు నుంచి ఉత్తర కొరియా జనరల్ నామ్ ఇల్ ఒకే హాల్లో కూర్చుని సంతకాలు చేశారు, ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. కాల్పులు ఆగాల్సింది రాత్రి 10 గంటలకు. ఆజ్ఞ ముందు వరసలకు చేరాలి కదా, అందుకని 12 గంటలు ఇచ్చారు. ఆ 12 గంటల్లోనూ ఫిరంగులు పేలాయి. తర్వాత 72 గంటల్లో ఇరువైపులా రెండేసి కిలోమీటర్లు వెనక్కి జరగాలి.

మనవాళ్లు ఆ తర్వాత వెళ్లారు. జనరల్ తిమ్మయ్య తటస్థ దేశాల కమిషన్ అధ్యక్షుడు, ఖైదీల కాపలాకు జనరల్ థోరట్ కింద భారత బలగం. దక్షిణ కొరియా నేల మీద భారత సైనికులు కాలు పెట్టకూడదని రీ పట్టుబడితే, వాళ్లను హెలికాప్టర్లలో నేరుగా రెండు సైన్యాల మధ్య ఖాళీ చేసిన ఆ మండలంలో దించారు. 22,000 మందికి పైగా ఖైదీల్లో కొద్దిమందే మనసు మార్చుకున్నారు. 88 మంది ఏ పక్షం వద్దని మన దేశానికి వచ్చారు.

ఇప్పుడు కూలడం సంగతి. ఒప్పందాలు ఒక్కసారిగా కూలడం తక్కువ, ఒక్కో నిబంధనే ఊడిపోతుంది. అసలు గొడవ తేల్చడానికి మూడు నెలల్లో రాజకీయ సమావేశం పెట్టాలని ఒప్పందం 60వ పేరాలో సిఫార్సు చేశారు. అది 1954 ఏప్రిల్‌లో జెనీవాలో జరిగింది, జూన్‌లో ఏమీ తేలకుండా ముగిసింది. శాంతి ఒప్పందం ఆ రోజు తప్పిపోయింది, ఇప్పటికీ లేదు. కొత్త రకం ఆయుధాలు తేకూడదన్న 13(డి) పేరాను ఉత్తరం పాటించడం లేదంటూ 1957లో ఐరాస కమాండ్ పక్కన పెట్టింది, మరుసటి ఏడాది అమెరికా అణ్వాయుధాలు దక్షిణానికి వచ్చాయి.

పత్రంలో రాయని చోట నెత్తురు ఎక్కువ పారింది. నేల మీద గీతను మ్యాపుల్లో అంగుళం అంగుళం గీసి 1,292 గుర్తు బోర్డులు పాతారు. పడమటి సముద్రంలో మాత్రం ఐదు దీవులు ఐరాస కమాండ్‌వి అని రాశారే గానీ, నీటి మీద గీత గీయలేదు. తర్వాత ఐరాస కమాండ్ తనంతట తాను గీసుకున్న రేఖను ఉత్తరం ఒప్పుకోలేదు. 1999, 2002 నౌకాపోరాటాలు అక్కడే. 2010 నవంబర్ 23న యోన్‌ప్యోంగ్ దీవి మీద ఫిరంగి గుండ్లు పడి నలుగురు పోయింది అక్కడే.

నేల మీది గీత ఎందుకు నిలిచిందంటే, ఉల్లంఘన జరిగినప్పుడు మాట్లాడటానికి రెండు పక్షాల సైనికాధికారుల కమిషన్ కూర్చునే ఒక బల్ల ఉంది. నేను చూసిన నీలం గదిలో ఆ బల్ల సరిగ్గా గీత మీదే ఉంది. 1976లో చెట్టు కొమ్మలు నరికే గొడవలో ఇద్దరు అమెరికన్ అధికారులను చంపినప్పుడు కూడా అదే కమిషన్ కూర్చుంది, ఆ తర్వాతే రెండు పక్షాల సైనికులూ కలిసి తిరిగే ఆ ప్రాంతాన్ని కూడా రెండుగా విడగొట్టారు. ఉత్తరం 2013లో హాట్‌లైన్ ఫోన్ ఎత్తడం మానేసింది. చెప్పాల్సిన మాట ఉంటే ఐరాస సైనికుడు గీత దాకా నడిచి మెగాఫోన్‌లో చదువుతాడని, అవతల సైనికుడు రాసుకుంటాడో లేదో తెలియదని మా గైడ్ చెప్పాడు. 2018లో ఆ ఫోన్ మళ్లీ మోగింది.

నాతో పనిచేసిన ఒకతని అమ్మమ్మది కేసాంగ్. యుద్ధానికి ముందు ఆ ఊరు 38వ రేఖకు దిగువన, దక్షిణంలో ఉండేది. సైన్యాలు ఎక్కడ నిలబడితే అక్కడే గీత అని రాసుకున్నాక అది ఉత్తరంలోకి పోయింది. ఆవిడ యుద్ధంలో పిల్లలతో ఇవతలికి వచ్చింది, చెల్లెలు అక్కడే ఉండిపోయింది. చుసోక్ పండక్కి వాళ్లింటికి భోజనానికి పిలిస్తే వెళ్లాను. ఇంటి తాళంచెవి ఇంకా ఆవిడ దగ్గరే ఉంది.