విలీనం తర్వాత పని ఎక్కడ ఆగుతోంది?

"మా బెంగళూరు కంపెనీ, చెన్నై కంపెనీ కలిసి ఎనిమిది నెలలైంది. ఆర్గనైజేషన్ చార్ట్ ఒక్కటే, పనులు మాత్రం కదలట్లేదు. సెవెన్-ఎస్‌తో ఎలా చూడాలండి?"

సెవెన్-ఎస్ అంటే కంపెనీని స్ట్రాటజీ, స్ట్రక్చర్, సిస్టమ్స్, స్టైల్, స్టాఫ్, స్కిల్స్, షేర్డ్ వాల్యూస్ అనే ఏడు కోణాల్లో చూడటం. ఏడింటికీ విడివిడిగా మార్కులు వేయకండి, ఒకదానికొకటి పొసుగుతున్నాయా అని జతలుగా చూడండి. కోరమంగళలో నేను పనిచేసిన చోట స్ట్రాటజీ విలీనమైన రెండు కంపెనీల ప్రొడక్టులూ కలిపి అమ్మమంది, ఇన్సెంటివ్ మాత్రం ఎవరి పాత ప్రొడక్టుకు వాళ్లకే వచ్చేది. సేల్స్‌వాళ్లు సహకరించట్లేదని ట్రైనింగ్ పెట్టారు, ఏమీ మారలేదు, ఎందుకంటే తేడా స్టాఫ్‌లో కాదు, సిస్టమ్స్‌లో ఉంది.

మీరు ఈమధ్య ఆగిపోయిన ఒక్క ఆర్డర్ తీసుకుని మొదటి నుంచీ వెంబడించండి. డిస్కౌంట్ ఎవరు ఓకే చేయాలని రెండు వైపులా విడిగా అడగండి. ఒకరు మేనేజర్ అని, మరొకరు మూడు సంతకాలని చెబితే స్టైల్, సిస్టమ్స్ రెండూ కలవలేదన్నమాట. షేర్డ్ వాల్యూస్‌ను సర్వేతో కొలవకండి, అందరూ ఒకే మంచి మాట రాస్తారు.