సింగిల్ డోరా, డబుల్ డోరా: కరెంటు లెక్క

"బెంగళూరులో ఇద్దరమే ఉంటాం. షాపులో సింగిల్ డోర్ ఫ్రిజ్ 17 వేలు, డబుల్ డోర్ 26 వేలు అంటున్నారు. రెండూ 3 స్టార్. అంటే బిల్లు ఒకటేనా?"

కాదండి. సింగిల్ డోర్‌కి, డబుల్ డోర్‌లో వచ్చే ఐసు పేరుకోని ఫ్రాస్ట్ ఫ్రీకి స్టార్లు వేరువేరు కొలతల మీద ఇస్తారు. రెండిటి స్టార్లు పోల్చి లాభం లేదు. లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో ఒక అంకె ఉంటుంది, అది చూడండి.

ఉదాహరణకు సింగిల్ మీద 150, డబుల్ మీద 210 ఉందనుకుందాం. తేడా 60 యూనిట్లు. పన్నులతో యూనిట్‌కి ఏడు రూపాయలనుకున్నా ఏడాదికి 420, పదేళ్లకు 4,200. కొనేటప్పుడే 9 వేలు తేడా ఉంది కదా, కరెంటు దాంట్లో సగం కూడా కాదు. కాబట్టి బిల్లు గురించి పెద్దగా టెన్షన్ వద్దు, ఆ 9 వేలకు మీకేం వస్తుందో చూసుకోండి: పెద్ద ఫ్రీజర్, ఐసు కరిగించే పని లేకపోవడం.

200 యూనిట్ల వరకు ఉచిత కరెంటు ఇచ్చే గృహజ్యోతి ఉంటే మాత్రం జాగ్రత్త. నెలకు అదనంగా పడేది 5 యూనిట్లే, కానీ మీ వాడకం ఇప్పటికే 200 దగ్గర ఉంటే, అది దాటిన నెల బిల్లు మొత్తం మీరే కట్టాలి.

ఇంకొకటి, సింగిల్ డోర్‌లో ఐసు మందంగా పేరుకుంటే మోటారు ఎక్కువసేపు తిరుగుతుంది. అర సెంటీమీటరు కాగానే డీఫ్రాస్ట్ బటన్ నొక్కండి, లేదంటే లేబుల్ అంకె లేబుల్ మీదే ఉంటుంది. ఇద్దరికి, రోజూ వండుకునేవాళ్లకి, నా ఓటు సింగిల్‌కే.